బజర్ రౌండ్ ఒక్కటి మళ్లీ రాయరా

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన క్విజ్ స్క్రిప్టు రాత్రి భోజనాలయ్యాక కూర్చుని రెండుసార్లు చదివాను. పరిచయం, మొదటి రెండు రౌండ్లు బాగా కుదిరాయి. నా బెంగంతా బజర్ రౌండ్ మీదే.

ఏడో ప్రశ్న చూడు. ఆంధ్ర రాష్ట్రం హైకోర్టు గురించి అడిగావు, జవాబు గుంటూరు. ప్రశ్న మంచిదే. కానీ మన భాషలో ఏది, ఎవరు, ఎక్కడ అనేవి వాక్యం చివర్లో కదా వచ్చేది! "ఆంధ్ర రాష్ట్రానికి" అనగానే రాజధాని అడుగుతున్నారనుకుని ఎవరో ఒకరు బజర్ నొక్కి "కర్నూలు" అనేస్తారు. నువ్వేమో ప్రశ్నంతా ఒకే ముద్దగా రాశావు. యాంకర్ ఆగకుండా చదువుకుపోతే, నొక్కిన టీముకి ఎంతవరకు వినబడిందో ఎవరూ తేల్చలేరు. పోయినేడు నేను ఎడిట్ చేసిన ఒక వీడియోలో సరిగ్గా దీని మీదే గొడవై షూటింగ్ ఆగిపోయింది. అందుకని ఇలా ముక్కలు చేసి రాయి:

యాంకర్: 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి / రాజధాని కర్నూలు. / మరి హైకోర్టు / ఏ ఊళ్లో పెట్టారు?
సౌండ్: బజర్. వెనక మ్యూజిక్ కట్.
గ్రాఫిక్: నొక్కిన టీము పేరు వెలగాలి. స్కోరు మారకూడదు.
యాంకర్: బి టీమ్, చెప్పండి. (5 సెకన్లు)
యాంకర్: తప్పు. మైనస్ 5.
సౌండ్: తప్పు మోత.
గ్రాఫిక్: స్కోరు తగ్గాలి.
యాంకర్: మిగతా టీములకు ప్రశ్న మొదటి నుంచి చదువుతాను.

గీత ఉన్నచోట యాంకర్ చిన్న ఊపిరి తీసుకుంటుంది. బజర్ మోగితే ఆ మాట దగ్గరే ఆగిపోవాలి, వాక్యం పూర్తి చేయకూడదు. తప్పు చెప్పిన టీము బజర్ ఆ ప్రశ్నకి పనిచేయకుండా ఆపేయాలి. మిగతావాళ్లు ప్రశ్న మొత్తం వింటారు, తొందరపడినందుకు అదే ఖరీదు.

గ్రాఫిక్ వరస మాత్రం అస్సలు తప్పకూడదురా. యాంకర్ "తప్పు" అనేలోపే తెర మీద అంకె మారిపోతే, చూసేవాళ్లకి ఆ రెండు క్షణాల టెన్షన్ పోతుంది. ఆ రౌండుకి ప్రాణమే అది. బజర్ మోతా, తప్పు మోతా కూడా ఒకేలా ఉండకూడదు. నీ స్క్రిప్టులో రెండిటికీ "బీప్" అనే ఉంది. ఫోన్లో చూసేవాళ్లకి నొక్కారో, తప్పయిందో ఎలా తెలుస్తుంది? బజర్‌కి పొట్టిగా, గట్టిగా ఉండే మోత పెట్టు. తప్పుకి కిందికి జారే మోత పెట్టు.

ఇంకొకటి. రౌండు చివర "బి టీమ్ 35" అని ముందే రాసేశావు. ఎవరు గెలుస్తారో మనకేం తెలుసు? అక్కడ ఖాళీ వదిలెయ్. స్కోరు రాసే మనిషి కాగితం చూసి గ్రాఫిక్స్ కుర్రాడు అంకె కొడతాడు, అదే కాగితం యాంకర్ చేతికీ వెళ్తుంది. లేకపోతే ఆమె ఒకటి చదువుతుంది, తెర మీద ఇంకొకటి ఉంటుంది.

మిగతా బజర్ ప్రశ్నలు కూడా గీతలు పెట్టి శనివారంలోపు పంపు. మా చెల్లి చేత గట్టిగా చదివించి, ఎక్కడ నొక్కాలనిపిస్తోందో గుర్తుపెట్టి పంపుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
శీను