ఒక్క స్క్రీన్‌షాట్‌తో నెల బిల్లు తేలదు

సంపాదకుడు గారికి,

నెల కిందట మీ నగర పేజీలో స్మార్ట్ మీటర్ యాప్ గురించి వచ్చిన కథనం మీద ఇప్పుడు రాస్తున్నాను. అది చేసిన నష్టం మా అపార్ట్‌మెంట్‌లో నెమ్మదిగా బయటపడింది మరి. యాప్‌లో ఒక రోజు వాడకం చూసి ముప్పైతో హెచ్చవేస్తే నెల లెక్క చేతికి వచ్చినట్టేనని మీరు రాశారు. అందరికీ అర్థం కావాలని పక్కన ఒక స్క్రీన్‌షాట్ కూడా వేశారు. ఆ రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు పోయి స్క్రీన్‌షాట్లు మొదలయ్యాయి.

మూడో అంతస్తులో ఉండే ఒక టీచరమ్మ ఆదివారం నాటి 16 యూనిట్లను చూసి, నెలకు 480 అని లెక్కకట్టి, మూడు వేలు దాటిన బిల్లును ఊహించుకుని బెంబేలెత్తిపోయారు. గ్రాఫులో పొద్దున ఆరింటికి నిలువుగా లేచిన గీత గీజరుదేనని ఎవరో చెబితే, మర్నాటి నుంచి గీజరు ఆపేశారు. ఎనభై దాటిన అత్తగారు చన్నీళ్లు పోసుకోవలసి వచ్చింది. ఇది మీ కథనం సాధించిన పొదుపు!

ఆదివారం వాడకంతో నెలను కొలవడమంటే, సంక్రాంతి నాటి వంట ఖర్చును ముప్పైతో హెచ్చవేసి నెల సరుకుల చీటీ రాయడం లాంటిది. ఆ రోజు వాళ్లింటికి చుట్టాలు వచ్చారు. మధ్యాహ్నం కూడా ఏసీ నడిచింది, వాషింగ్ మెషీన్ రెండుసార్లు తిరిగింది. ఇవేవీ స్క్రీన్‌షాట్‌లో కనబడవు.

నెల అంచనాకు అసలు కావలసింది ఆ రంగుల గ్రాఫు కాదు. యాప్‌లో ఒక మూల kWh అని పక్కన పెట్టి చూపే మొత్తం రీడింగు. ఒక kWh అంటే ఒక యూనిట్. మీటరు బిగించిన నాటి నుంచి పెరుగుతూ పోయే అంకె అది. మీటరు తెరమీద కూడా అదే కనబడుతుంది. ఆ రీడింగును రెండు వారాల తేడాతో రెండుసార్లు స్క్రీన్‌షాట్ తీయాలి. రెండు వారాలే ఎందుకంటే, అందులో రెండు ఆదివారాలు, రెండు శనివారాలు సరిగ్గా వాటి వంతుకు వస్తాయి. పది రోజులు తీసుకుంటే ఆదివారం ఒకటి పడవచ్చు, రెండూ పడవచ్చు. టీచరమ్మ గారి మొదటి రీడింగు 4812.6, రెండోది 4973.6. తేడా 161 యూనిట్లు, అంటే రోజుకు పదకొండున్నర. ముప్పై రోజులకు 345. తరువాత వచ్చిన బిల్లులో ఉన్నది 341. మీ పద్ధతిలో వచ్చింది 480 అని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్క్రీన్‌షాట్ పైన కనబడే సమయం ఫోనుది. మీటరు ఆ రీడింగు పంపిన సమయం వేరు, దాన్ని యాప్ కింద చిన్న అక్షరాల్లో చూపుతుంది. రాత్రి పదింటికి తీసిన స్క్రీన్‌షాట్‌లో పొద్దున ఆరింటి రీడింగు ఉండవచ్చు. రెండు వారాల లెక్కలో దీనివల్ల పెద్ద తేడా రాదు కానీ, నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చేవాళ్లు దీనితోనే బోల్తా పడతారు. సిగ్నల్ అందక సమాచారం రాని గంటలు గ్రాఫులో సున్నాలుగా కనబడతాయి. ఫ్రిజ్ నడుస్తున్న ఇంట్లో వాడకం సున్నా ఎలా అవుతుంది? అయితే కరెంటు పోయి ఉండాలి, లేకపోతే మీటరు మాట యాప్‌కు చేరక ఉండాలి. ఖాళీకి ముందూ తరువాతా ఉన్న మొత్తం రీడింగులు చూస్తే గుట్టు తెలుస్తుంది. అంకె పెరిగితే వాడకం జరిగినట్టే. రోజువారీ గీతలు కూడితే తక్కువ రావడానికి, బిల్లు ఎక్కువ రావడానికి చాలాసార్లు కారణం ఇదే. మీటరు జంప్ అయిందని గోల చేసేముందు ఇది చూసుకోవాలి.

ఇక గీజరు సంగతి. ఆ యాప్‌లో ఒక్కో గీత అరగంట వాడకం. కాబట్టి గీత 0.8 యూనిట్లు చూపితే, ఆ అరగంటలో సగటు లోడు దానికి రెట్టింపు, అంటే 1.6 కిలోవాట్లు. గీజరు రెండు కిలోవాట్లది. పదిహేను లీటర్ల నీళ్లను స్నానానికి కాచడానికి దానికి పావుగంట పైచిలుకు చాలు, మిగతా సమయం ఆగే ఉంటుంది. ఆ గీతలో గీజరు తీసుకున్నది అర యూనిట్‌కు కాస్త పైన, నెలంతా కలిపి పద్దెనిమిది యూనిట్ల లోపు. గీత ఎత్తుగా ఉంది కనుక అదే దొంగ అని పట్టుకున్నారు. అసలు వాడకం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పొట్టిగా, వరుసగా నిలబడిన పదహారు గీతల్లో ఉంది. ఒక్కోటీ 0.4 చుట్టూ ఉంటుంది కనుక ఎవరి కంటా పడదు. కూడితే 6.6 యూనిట్లు.

అందులో ఏసీ వాటా ఎంతో తేల్చడానికి ఏసీ వేయని ఒక రాత్రి కావాలి. మొన్న వానకు చల్లబడిన రాత్రి ఆవిడ ఏసీ వేయలేదు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, వైఫై పెట్టె మాత్రమే నడిచాయి. అప్పుడు ఒక్కో గీత 0.1 దగ్గర ఉంది, పదహారు గీతలకు 1.6 యూనిట్లు. 6.6 లోంచి అది తీసేస్తే ఏసీకి రాత్రికి అయిదు యూనిట్లు, నెలకు నూట యాభై. గీజరు పద్దెనిమిదికీ దీనికీ పొంతన ఉందా?

ఏసీ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే దాని వాడకం ఆరు శాతం దాకా తగ్గుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఎప్పటినుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగు ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల మీద మొదలయ్యేలా చేసింది కూడా అందుకే. టీచరమ్మ గారి చేత కొన్ని రాత్రులు 24 మీద, కొన్ని రాత్రులు 26 మీద, ఒకటి విడిచి ఒకటి నడిపించాం. ఒక వారం అదీ ఒక వారం ఇదీ పెడితే లెక్క చెడిపోతుంది. విశాఖలో సముద్రం గాలిలో తేమ వారానికొక తీరుగా మారుతుంది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, ఆ తేమనూ తీయాలి. ఉక్కపోత వారం 26 మీద అయిన ఖర్చు, పొడిగా ఉన్న వారం 24 మీద అయిన ఖర్చును దాటిపోగలదు. ఇలా ఒకటి విడిచి ఒకటి చూస్తే, 26 మీద రాత్రి సగటు 6.6 నుంచి 6.0కు దిగింది. ఏసీ వాటా అయిదు నుంచి 4.4కు వచ్చింది. పన్నెండు శాతం, చెప్పినట్టే. నెలకు పద్దెనిమిది యూనిట్లు. అంటే, గీజరు పూర్తిగా ఆపితే మిగిలేదంతా ముసలావిడను వణికించకుండానే మిగిలింది.

ఈ పద్దెనిమిది యూనిట్లకు ఎన్ని రూపాయలు? మీ కథనం మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి యూనిట్‌కు ఆరు రూపాయలని తేల్చింది. తప్పు. 2022లో ప్రకటించిన శ్లాబుల ప్రకారం మన రాష్ట్రంలో ఇంటి కనెక్షనుకు మొదటి 30 యూనిట్లకు 1.90, తరువాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ రేట్లతో 345 యూనిట్లకు ఇంధన చార్జీ 2,067 రూపాయలు, సగటు ఆరే. కానీ మనం తగ్గించే యూనిట్ కిందినుంచి పోదు, పైనుంచి పోతుంది. ఆవిడ పైశ్లాబు 8.75. కనుక మిగిలేది 108 కాదు, 157 రూపాయల 50 పైసలు. స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు వేరే. 400 దాటితే బిల్లంతా 9.75 చొప్పున పడుతుందని గ్రూపులో భయపెట్టిన పెద్దమనిషికి కూడా ఇదే జవాబు. దాటిన యూనిట్లకే ఆ రేటు.

ఇదే లెక్క మరోవైపు నుంచి కూడా చూడాలి. 75 వాట్ల పాత ఫ్యాను తీసి, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రోజుకు పన్నెండు గంటల వాడకం మీద నెలకు పదహారు యూనిట్లు తగ్గుతాయి. వేసవిలో అది 140 రూపాయలు. డిసెంబరులో అదే ఇంటి వాడకం 200 దగ్గరికి దిగినప్పుడు ఒక్కో యూనిట్ ఆరు రూపాయలే, పైగా ఫ్యాను తిరిగేదీ తక్కువే. మే నెల స్క్రీన్‌షాట్ చూపి ఏడాది పొదుపును పన్నెండుతో హెచ్చవేసే అమ్మకందారును నమ్మకండి.

పీక్ అవర్లు తప్పించి మధ్యాహ్నం వాషింగ్ మెషీన్ లాంటివి వేసుకుంటే బిల్లు తగ్గుతుందని మీరు రాసినదానికి ఒక్క మాట. ఇంట్లో వాడకం ఎక్కువగా ఉండే వేళ, గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగే వేళ ఒకటి కానక్కరలేదు. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో, సౌర విద్యుత్తు అందే పగటి వేళల్లో కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ రేటు ఉండాలని ఉంది. అయితే మీ చేతిలోని బిల్లులో వేళల వారీగా వేర్వేరు వరుసలు ఉన్నాయో లేదో ముందు చూడండి. లేకపోతే సాయంత్రం వేసే వాషింగ్ మెషీన్‌ను మిట్టమధ్యాహ్నం వేసినా మీకు పైసా మిగలదు. యూనిట్లు అవే, శ్లాబు అదే. మీ మాట విని మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఉద్యోగస్తులు పనిమనిషి వేళలు మార్పించారు. ఆవిడకు ఎండలో రెండో రాకపోక తప్ప ఎవరికీ ఒరిగింది లేదు.

ఇవన్నీ చెప్పవలసింది నేనా? మీటరు బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు పెట్టె బిగించి, యాప్ వేసుకోండి అంతా అందులో ఉంటుందని వెళ్లిపోయారు. కార్యాలయానికి వెళ్లి అడిగితే, యాప్‌లో చూసుకోండి అన్నారు. యాప్ చూస్తే అంతా ఇంగ్లీషు. ఒకప్పుడు రీడింగుకు వచ్చిన మనిషినైనా గుమ్మం దగ్గర ఆపి అడిగేవాళ్లం. ఇప్పుడు ఆ మనిషీ రాడు, అడిగితే చెప్పేవాడూ లేడు. మరోవైపు మా వీధి దీపాలు పగలు పదకొండింటికీ వెలుగుతూనే ఉన్నాయి. హుద్‌హుద్ తరువాత నగరమంతా ఎల్‌ఈడీ దీపాలు పెట్టి దేశానికి చూపిన ఊరు మనది. వాటిని వేళకు ఆర్పే నాథుడు లేడు. పొదుపు పాఠాలు మాత్రం మూడో అంతస్తు ముసలావిడకు.

మీరు సవరణ వేస్తారని ఆశ పెట్టుకోలేదు. కనీసం వచ్చే వేసవిలోపు శ్లాబుల పట్టికను, మొత్తం రీడింగు యాప్‌లో ఎక్కడ కనబడుతుందో ఒక బొమ్మను మీ నగర పేజీలో వేయండి. ఆ బొమ్మలో, మీటరు సమాచారం చివరిసారి ఎప్పుడు అందిందో చూపే ఆ చిన్న అక్షరాల వరుసను కత్తిరించకండి. పోయినసారి వేసిన స్క్రీన్‌షాట్‌లో అదే లేదు.

ఇట్లు
ఒక పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం