వీసా మీద గడువు తేదీ, ఉండే రోజుల లెక్క

సంపాదకులకు నమస్కారములు.

2025 ఏప్రిల్ నెలాఖరున సింగరాయకొండలో ఉంటున్న మా అక్కయ్య, బావగారు జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్లడానికి, యూరప్‌లోని చాలా దేశాలకు ఒక్కటిగా చెల్లే షెంగెన్ వీసా తెచ్చుకున్నారు. ఒంగోలులోని ఒక ట్రావెల్స్ వారు మే 3 రాత్రి చెన్నైలో ఎక్కి, తిరుగు ప్రయాణం జూన్ 8న ఉండేలా టికెట్లు తీసి ఇచ్చారు. “వీసా జూన్ 16 వరకు ఉంది కదండీ, ఎనిమిదినే వచ్చేస్తే ఇంకో వారం రోజులు చేతిలో ఉన్నట్టే” అని అక్కడి కుర్రవాడు ధైర్యం కూడా చెప్పాడట. ఆ టికెట్ల ప్రకారమే వచ్చి ఉంటే వారిద్దరూ ఆరు రోజులు అదనంగా ఉండిపోయిన వారయ్యేవారు. వీసా అంటించిన పేజీని మా మేనకోడలు ఫోటోలో చూసి, “మామయ్యా, రోజుల సంఖ్య ఎవరూ చూడలేదా?” అని నాకు ఫోన్ చేసినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ఇటువంటి పొరపాటు మరి కొందరికి జరగకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ స్టిక్కర్‌ను దగ్గరగా చూస్తే కాలానికి సంబంధించిన అంకెలు మూడు చోట్ల ఉంటాయి. ‘ఫ్రమ్’ అనే మాట పక్కన 03-05-25 అని, ‘అన్‌టిల్’ పక్కన 16-06-25 అని, వాటి కింద ‘డ్యూరేషన్ ఆఫ్ స్టే’ అన్నచోట 30 అని ఉంది. స్టిక్కర్ ఇచ్చిన దేశాన్ని బట్టి ఆ మాటలు వేరే భాషలో ఉండవచ్చు గానీ అంకెలు మారవు. ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే గడిలో 1 అని ఉంది, అంటే ఒక్కసారే. ట్రావెల్స్ కుర్రవాడు చూసింది రెండో అంకెను. బావగారి తిరుగు ప్రయాణాన్ని నిర్ణయించవలసింది మూడో అంకె.

మే 3 నుంచి జూన్ 16 వరకు రెండు తేదీలనూ కలుపుకుని లెక్కిస్తే 45 రోజులు వస్తాయి. అనుమతి మాత్రం 30 రోజులకే. మిగిలిన ఆ 15 రోజులు వీసా ఇచ్చేవారు పొరపాటున వదిలిన ఖాళీ కాదు. విమానం రద్దయినా, ప్రయాణం నాలుగు రోజులు వెనక్కి జరిగినా వీసా వృథా కాకుండా, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే షెంగెన్ వీసాలకు నియమం ప్రకారమే పదిహేను రోజుల వెసులుబాటు కలుపుతారు. ఈ రెండు తేదీలను ఒక గుమ్మం తెరిచి ఉండే కాలం అనుకోవచ్చు. ఆ కాలంలో ఎప్పుడు లోపలికి వెళ్లినా ముప్పై రోజులకు మించి ఉండకూడదు, ముప్పై రోజులు నిండకపోయినా జూన్ 16 దాటి ఉండకూడదు. రెండింటిలో ఏది ముందు వస్తే అదే ఆఖరు.

ఇక రోజులను లెక్కపెట్టే పద్ధతి. నేను ఉప ఖజానా కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మూడవ తేదీ నుంచి ఎనిమిదవ తేదీ వరకు సెలవు పెట్టిన ఉద్యోగికి ఐదు రోజులు కాదు, ఆరు రోజులు సెలవు ఖాతాలో తగ్గించేవాళ్లం. షెంగెన్ లెక్క కూడా అచ్చం ఇటువంటిదే. తనిఖీ దాటి లోపలికి ప్రవేశించిన రోజు మొదటి రోజు, తనిఖీ దాటి బయటికి వెళ్లిన రోజు చివరి రోజు, అర్ధరాత్రికి పది నిమిషాల ముందు దిగినా ఆ రోజు పూర్తి రోజే. మన ఇళ్లలో పెళ్లి రోజునే ఒకటిగా ఎంచి పదహారు రోజుల పండుగ చేసుకునేవారికి ఇది కొత్త లెక్కేమీ కాదు. అయినా టికెట్ తీసేటప్పుడు మాత్రం ఎందుకో అందరం మొదటి రోజును వదిలేసి లెక్కపెడతాం.

అక్కయ్య వాళ్లు మే 3 రాత్రి చెన్నైలో ఎక్కినా జర్మనీలో దిగేది 4వ తేదీ ఉదయం. కనుక మొదటి రోజు మే 4. మే 31 నాటికి 28 రోజులు, జూన్ 2 నాటికి 30 రోజులు. జూన్ 8 అంటే 36వ రోజు. ఆ ఆరు రోజుల మితిమీరిన నివాసానికి జరిమానా వేయవచ్చు, కొంతకాలం తిరిగి రాకుండా నిషేధమూ విధించవచ్చు, ఏమీ చేయకుండా పంపించినా తర్వాతి వీసా దరఖాస్తులో అది అడ్డం వస్తుంది. పూర్వం ముద్రలు చూసి వేళ్ల మీద లెక్కపెట్టే అధికారి ఒకటి రెండు రోజులు గమనించకపోవచ్చు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ దేశాలు రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతిని దశలవారీగా ప్రారంభించాయి, ఇప్పుడు లెక్క యంత్రమే వేస్తుంది.

జూన్ 2 రాత్రి బయలుదేరే విమానం ఉందని మేనకోడలు చెప్పింది. నియమం ప్రకారం అది సరిపోతుంది. ఆ రోజు అర్ధరాత్రిలోగా విమానాశ్రయంలో తనిఖీ దాటి బయటికి వెళ్లిన ముద్ర పడితే చాలు. కానీ ఆ ఒక్క విమానం రద్దయితే మర్నాడు 31వ రోజవుతుంది. అందువల్ల అదనంగా డబ్బు కట్టి మే 31కి మార్పించాము. పోయిన డబ్బు కంటే, మనవడి పుట్టినరోజు జూన్ 5న ఉండగా ముందే రావలసి వచ్చిందన్నదే అక్కయ్యకు ఇప్పటికీ తీరని బాధ. దరఖాస్తులో చూపిన ప్రయాణ తేదీలే ముందుగా సరిచూసుకుని ఉంటే ఆ బాధ కూడా ఉండేది కాదు.

చివరి రోజున ప్రవేశించవచ్చా అన్న ప్రశ్న చాలామంది అడుగుతారు. షెంగెన్ వీసా ‘ఫ్రమ్’ తేదీ నాటి అర్ధరాత్రి 0 గంటలకు మొదలై ‘అన్‌టిల్’ తేదీ రాత్రి 24 గంటల వరకు చెల్లుతుంది. కాబట్టి జూన్ 16 కూడా చెల్లే రోజే, ఆ రోజు వెళ్లడం నిషిద్ధం కాదు. అయితే అదే రోజు అర్ధరాత్రిలోపు తిరిగి వచ్చేయాలి, అలాంటి ప్రయాణం ఎవరికీ పనికిరాదు. మొదటి తేదీ విషయంలో చూసుకోవలసింది మనం చెన్నైలో ఎక్కే తేదీ కాదు, అక్కడ దిగే తేదీ. 2వ తేదీ రాత్రి ఎక్కి 3వ తేదీన దిగితే సరే, 2వ తేదీ రాత్రి పదకొండింటికే అక్కడ దిగే విమానమైతే ఆ వీసా ఇంకా మొదలు కానట్టే.

అమెరికా వీసాకు వచ్చేసరికి ఇదే చివరి తేదీ వేరే అర్థం ఇస్తుంది. అక్కడి సందర్శకుల వీసా మీద ముద్రించిన గడువు తేదీ, ఆ దేశపు ద్వారం దగ్గరికి వెళ్లి ప్రవేశం కోరడానికి ఆఖరి రోజు మాత్రమే, ఉండడానికి ఆఖరి రోజు కాదు. ఎంతకాలం ఉండవచ్చో అక్కడి విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ i94.cbp.dhs.gov అనే వెబ్‌సైట్‌లో ఐ-94 రికార్డులో Admit Until Date అని కనిపిస్తుంది. కావలిలో మా వీధిలోని ఒక పెద్దాయన పదేళ్ల వీసాకు గడువు 2025 ఆగస్టు 18. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి న్యూయార్క్‌లో దిగే టికెట్ దొరికింది, కానీ అప్పటికి మన గడియారంలో 19వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటన్నర అవుతుంది కదా, చెల్లుతుందా అని ఆయన నన్ను అడిగారు. చూసేది దిగే చోటి తేదీనే కనుక చెల్లుతుంది. అయినా మధ్యలో విమానం మారవలసిన చోట ఒక్కటి తప్పిపోతే 19 అయిపోతుందని చెప్పి, వారం ముందుకు జరపమన్నాను. ఆయన 11న దిగారు, ఆరు నెలలు ఉండటానికి అనుమతి ఇచ్చారు. ఆగస్టు 18 దాటగానే, వీసా అయిపోయింది, వెనక్కి వచ్చేయాలని ఇక్కడి బంధువులు కంగారు పెట్టారు. ఆ కంగారు అనవసరం, లోపల ఉన్నవారికి ఐ-94లోని తేదీయే ప్రమాణం. అయితే ఆయన మధ్యలో ఒకసారి వచ్చి మళ్లీ వెళ్లాలనుకుంటే మాత్రం కొత్త వీసా కావలసిందే.

పాస్‌పోర్టు సంగతి కొంత సులువు. 15/03/2015న జారీ అయిన పదేళ్ల పాస్‌పోర్టు మీద గడువు 14/03/2025 అని ఉంటుంది, ఆ 14వ తేదీ కూడా చెల్లే రోజే. అయితే ఇది కాగితం మీద చెల్లుబాటు మాత్రమే. షెంగెన్ దేశాలకు వెళ్లేవారి పాస్‌పోర్టు, అక్కడి నుంచి బయలుదేరదలచిన రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి. మే 31న తిరుగు ప్రయాణమైన మా బావగారి పాస్‌పోర్టు ఆగస్టు నెలాఖరుకు ముందే ముగిసేదైతే వీసా దరఖాస్తే నిలిచిపోయేది.

తేదీ చదవడంలో ఇంకొక చిక్కుంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఆ స్టిక్కర్ మీది 03-05-25ను చూసి, అలవాటు కొద్దీ, మార్చి 5 నుంచే వీసా మొదలైందన్నాడు. షెంగెన్ స్టిక్కర్ మీద రోజు ముందు, నెల తర్వాత ఉంటాయి. అనుమానం వస్తే స్టిక్కర్ అడుగున బాణాల వంటి గుర్తులతో ఉండే రెండు వరుసల్లో రెండోదాన్ని చూడాలి. అందులో IND తర్వాత పుట్టిన తేదీ, ఒక తనిఖీ అంకె, పురుషులకు M స్త్రీలకు F అనే అక్షరం, ఆ వెంటనే ఆరు అంకెల్లో గడువు తేదీ ఉంటాయి. అక్కడ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. అక్కయ్య స్టిక్కర్ మీద అది 250616. మన పాస్‌పోర్టు మొదటి పేజీ అడుగున ఉండే వరుసలోనూ గడువు తేదీ ఇదే చోట, ఇదే క్రమంలో ఉంటుంది. అచ్చు తప్పు ఏదైనా పడితే ఇక్కడ పోల్చి చూసుకున్నప్పుడు తెలిసిపోతుంది.

ఈ లెక్కలు తెలియకపోవడం ప్రయాణికుల తప్పని నేను అనను. అరవై దాటిన మా అక్కయ్యకు ఇంగ్లీషులో ఉన్న స్టిక్కర్ చదవమని ఎవరు నేర్పారు? టికెట్ తీసే వారికి మాత్రం ఆ బాధ్యత ఉంది. కనుక నెల్లూరు, ఒంగోలు, కావలిలోని ట్రావెల్స్ వారు తిరుగు టికెట్ ఇచ్చే ముందు, ప్రవేశించే తేదీని ఒకటిగా వేసుకుని ఉండదగిన చివరి రోజేదో రశీదు మీదే తెలుగులో రాసి ఇవ్వాలని కోరుతున్నాను. ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీ ఎన్నార్టీ సొసైటీ వారు షెంగెన్, అమెరికా వీసా స్టిక్కర్ల నమూనాలను అచ్చు వేసి, ఏ అంకె దేన్ని చెబుతుందో బాణం గుర్తులతో చూపే ఒక్క పేజీ తెలుగు కరపత్రం తయారు చేస్తే, మీ పత్రిక జిల్లా సంచికలో దానిని వేసవి సెలవులకు ముందు, మార్చి నెలలోనే ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉప ఖజానా ఉద్యోగి,
కావలి, ఎస్పీఎస్ఆర్ నెల్లూరు జిల్లా.