ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు ఎప్పుడు వెనక్కొస్తాయి: మా కస్టమర్లకు ఒక వివరణ

“ఆర్డర్ క్యాన్సిల్ చేశాను. మీరు సరే అన్నారు. కానీ బ్యాంకు యాప్‌లో ఇంకా పెండింగ్ అనే ఉంది, బ్యాలెన్స్ తగ్గే ఉంది. రిఫండ్ ఎందుకు పంపలేదు?”

పంపడానికి ఆ డబ్బు ఇంకా మా చేతికి రాలేదండీ. అది మీ బ్యాంకులోనే ఉంది, కాకపోతే మీరు వాడుకోకుండా బ్యాంకు దాన్ని పక్కన పెట్టి ఉంచింది.

మీ ఖాతాలో 10,000 ఉందనుకోండి. శుక్రవారం సాయంత్రం డెబిట్ కార్డుతో 4,000కు ఆర్డర్ పెట్టారు. ఆ క్షణంలో మా తరఫున మీ బ్యాంకుకు వెళ్లేది ఒక ప్రశ్న మాత్రమే: ఈ కార్డు మీద 4,000 ఇవ్వగలరా? బ్యాంకు సరేనని ఒక ఆథరైజేషన్ కోడ్ ఇచ్చి, 4,000ను హోల్డ్‌లో పెడుతుంది. మీకు వాడుకోవడానికి 6,000 మిగులుతుంది. ఇదే పెండింగ్. ఇప్పటికి ఒక్క పైసా కూడా మీ బ్యాంకు గడప దాటలేదు.

సరుకు ప్యాక్ చేశాక ఆ 4,000 కావాలని మేము అడుగుతాం. దీన్ని క్యాప్చర్ అంటారు. ఆ రోజు క్యాప్చర్లన్నీ ఒక బ్యాచ్‌గా కట్టి మా పేమెంట్ సంస్థ పంపిస్తుంది, అది కార్డు నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకుకు చేరుతుంది. మా స్క్రీన్ మీద ప్రాసెసింగ్ అని కనిపించేది ఈ దశలోనే. మీ యాప్ మాత్రం దీన్ని కూడా పెండింగ్ అనే చూపించవచ్చు, అక్కడే సగం గొడవ మొదలవుతుంది. బ్యాంకుల మధ్య లెక్క తేలి, ఫీజు పోగా మిగిలింది మా ఖాతాలో పడితే మా వైపు సెటిల్డ్. మామూలుగా ఒకటి నుంచి మూడు పనిదినాలు పడుతుంది. శని, ఆదివారాలు మధ్యలో వస్తే ఇంకా ఆలస్యం.

ఇక క్యాన్సిల్ సంగతి. శుక్రవారం రాత్రే, ప్యాకింగ్‌కు ముందే చెప్పారనుకోండి. మేము వాయిడ్ చేస్తాం, అంటే ఆ హోల్డ్ వదిలేయమని మీ బ్యాంకుకు కబురు పంపుతాం. పెండింగ్ ఎంట్రీ దానంతటదే మాయమవుతుంది, బ్యాలెన్స్ మళ్లీ 10,000 అవుతుంది. రిఫండ్ అనే లైను మీ స్టేట్‌మెంట్‌లో ఎప్పటికీ రాదు, దాని కోసం వెతక్కండి. కొన్ని బ్యాంకులు వెంటనే వదులుతాయి, కొన్ని హోల్డ్ గడువు తీరేదాకా ఆగుతాయి. మామూలు ఆన్‌లైన్ కొనుగోళ్లకు అది సుమారు వారం. ఆ ఆగడం మా చేతిలో లేదు.

సోమవారం, సెటిల్ అయ్యాక చెప్పారనుకోండి. ఇక వాయిడ్ కుదరదు. 4,000ను మా వైపు నుంచి కొత్త లావాదేవీగా తిరిగి పంపాలి, అది కూడా మళ్లీ అదే దారంతా నడిచి రావాలి. మీ స్టేట్‌మెంట్‌లో కొన్న లైనూ ఉంటుంది, వెనక్కొచ్చిన లైనూ ఉంటుంది. ఐదు నుంచి పది పనిదినాలు పట్టడం మామూలే. మధ్యలో ప్రాసెసింగ్‌లో దొరికిపోతే మరీ ఇబ్బంది. బ్యాచ్ వెళ్లిపోయింది కాబట్టి ఆపలేం, సెటిల్ అయ్యేదాకా మా సిస్టమ్ రిఫండ్ కూడా తీసుకోదు.

ఇందులో మా స్వార్థమూ ఉంది, దాచడమెందుకు. వాయిడ్ చేస్తే అమ్మకం మీద శాతం లెక్కన కట్టే ఫీజు మాకు పడదు. రిఫండ్‌లో మీకు మొత్తం 4,000 ఇస్తాం, కానీ ముందు మేము కట్టిన ఫీజు మాకు వెనక్కి రాదు. అందుకే ఇకనుంచి ఆర్డర్ పెట్టగానే కాకుండా, ప్యాక్ అయ్యాకే క్యాప్చర్ చేస్తున్నాం. “మీ ఆర్డర్ ప్యాక్ అయింది” అనే మెసేజ్ రాకముందు చెబితే వాయిడ్, వచ్చాక చెబితే రిఫండ్.

డెబిట్ కార్డు వాడేవాళ్లకు ఈ తేడా ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే హోల్డ్‌లో ఉన్నది సొంత డబ్బు. క్రెడిట్ కార్డులో అయితే ఆ మేరకు లిమిట్ తగ్గుతుంది, అంతే. పెండింగ్ ఎంట్రీ మీద డిస్ప్యూట్ పెడదామన్నా చాలా బ్యాంకులు తీసుకోవు, అది ఖాతాలో పోస్ట్ అయ్యాకే రమ్మంటాయి.

రిఫండ్ పంపామని మేము చెప్పాక కూడా రాకపోతే ఏఆర్ఎన్ అడగండి. అది 23 అంకెల నంబరు, దాంతో మీ బ్యాంకు ఆ డబ్బు ఎక్కడుందో వెతకగలదు. వాయిడ్‌కు ఏఆర్ఎన్ ఉండదు. దానికి ఆథరైజేషన్ కోడ్, వాయిడ్ చేసిన తేదీ ఇస్తాం, హోల్డ్ వారం దాటినా పోకపోతే వాటితో బ్యాంకును అడగండి. మాకు రాసేటప్పుడు ఆర్డర్ నంబరు, యాప్‌లో కనిపిస్తున్న స్టేటస్, దాని తేదీ చాలు. కార్డు నంబరు, ఓటీపీ మాత్రం పంపకండి, మాకు వాటితో పనిలేదు.