గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి ఒక బేల్దారి మేస్త్రి బహిరంగ లేఖ

అయ్యా,

తిరుపతి శివారు లేఅవుట్‌లో మా ఇంటి గోడ గురించి మళ్లీ రాస్తున్నాను. ఇచ్చిన అర్జీలన్నిటికీ ఫోనుకు ఒకటే మెసేజ్: ‘మీ సమస్య పరిష్కరించబడింది’. ఆ పరిష్కారం ఏమిటంటే, కాంట్రాక్టరు మనిషి వచ్చి పగులులో సిమెంటు పూసి పోయాడు. కొద్ది రోజులకే పగులు మళ్లీ తేలింది.

‘కొత్త గోడకు పగుళ్లు మామూలే’ అని మీ ఇంజనీరు గారు సెలవిచ్చారు. మామూలు పగులు ప్లాస్టరు మీద వెంట్రుకలా ఉంటుంది. ఇది మూల నుంచి సరిగ్గా 9 అంగుళాల దూరంలో, దారం పట్టినట్టు నిట్టనిలువుగా దిగింది. ప్లాస్టరు గీకితే సంగతి తెలిసింది.

కట్టింది ఇంగ్లీష్ బాండే. ఒక వరస ఇటుకలు పొడవుగా, పై వరస గోడకు అడ్డంగా పెట్టారు. కానీ అడ్డం వరసలో మూల ఇటుక పక్కన రెండుంపావు అంగుళాల క్లోజరు ముక్క, అంటే పొడవునా చీల్చిన సగం ఇటుక, పెట్టాలి కదా, అది లేదు. పొడవు ఇటుకల సందులు మూల నుంచి 9, 18 అంగుళాల దగ్గర వస్తాయి. క్లోజరు లేకపోతే అడ్డం ఇటుకల సందులు నాలుగున్నర, 9, పదమూడున్నర, 18 దగ్గర పడతాయి. అంటే 9 దగ్గర సందు మీద సందు, అడుగు నుంచి పై దాకా. పై ఇటుక బరువు కింది రెండిటికీ పంచాలి. సందులు కలిస్తే ఆ పంపకం లేదు, గోడ పక్కపక్కన నిలబెట్టిన స్తంభాలైపోతుంది. పునాది కాస్త దిగితే విడిపోయేది అక్కడే. ఒకే వరసలో అడ్డం, పొడవు మార్చి మార్చి పేర్చే ఫ్లెమిష్ బాండ్ సోకు మేం అడగలేదు సార్. అడిగింది ఆ ముక్క ఒక్కటే. దాన్ని తాపీతో కొట్టుకోవడానికి ఎంతసేపని?

ఇక తూకం, అంటే గోడ నిటారుగా నిలబడిందా లేదా అన్నది. 9 అంగుళాల గోడలో అడ్డం ఇటుక రెండు ముఖాలకూ వస్తుంది. మన బట్టీ ఇటుకలన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి రెండు వైపులా సమం కాదు. అందుకే బయటి ముఖాన్ని దారానికి పట్టి, హెచ్చుతగ్గులు లోపలికి తోసి ప్లాస్టరులో సర్దుతాం. వీళ్లు బయటి ముఖాన్నీ వదిలేశారు. ప్లాస్టరుకు ముందే తూకం గుండు వేసి చూపించాను. పైన గుండంత వెడల్పు చెక్క గోడకు ఆనింది, కింద గుండుకూ గోడకూ మధ్య నా బొటనవేలు దూరింది. 3 మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్లు దాటకూడదని మీ కోడే చెబుతోంది. ‘ప్లాస్టరులో సర్దేస్తాం’ అన్నారు. బయటికి ఒరిగిన గోడను ప్లాస్టరు నిటారు చేస్తుందా అయ్యా? కప్పెడుతుంది, అంతే.

దయచేసి తూకం గుండు పట్టడం తెలిసిన మనిషిని పంపండి. మూల విప్పి క్లోజరు పెట్టి కట్టించండి. పక్క వీధిలో అదే ముఠా ఇంకా గోడలు లేపుతోంది. వాటికైనా ప్లాస్టరు పడకముందే రండి.

ఇట్లు,
ఒక లబ్ధిదారుడు