వైవా తేదీ మార్పించుకునే సంగతి

ఒరే బావా,

నాయనకు పక్షవాతం వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చినామని నువ్వు రాసింది చదివినా. ఇప్పుడెట్లుంది? మాట వస్తాందా? ఆయన పక్కన నువ్వుండాల్సిందే. 18 నవంబరు నీ పీహెచ్‌డీ వైవా గురించి మాత్రం ఈ పొద్దే కదులు.

మొదట కాగితం పట్టుకోవద్దు, గైడుకు ఫోన్ చెయ్యి. వైవా బోర్డులో గైడుతో పాటు నీ థీసిస్ చూసిన బయటి ఎగ్జామినర్ ఒకరైనా ఉండాల. ఆయన రైలు టికెట్ తీసుకున్నాక తెలిస్తే ఎవరికైనా చికాకే. అందుకే ఆయనకు వీలైన రోజులు గైడునే అడగమను. నువ్వు నేరుగా ఆయనకు ఫోన్ చెయ్యొద్దు, బాగుండదు.

మనోళ్లు ఎక్కువగా తప్పేది ఇంకోచోట. “పరిస్థితి కుదుటపడేవరకు వాయిదా వేయగలరు” అని రాస్తారు. ఆ ముక్కతో పరీక్షల విభాగం వాళ్లు ఏం చేయాల? కొత్త నోటీసులో వేయడానికి తేదీ లేక ఫైలు అట్లే పడుంటది. నువ్వు థీసిస్ ఇచ్చింది 20 జూన్ అన్నావు గదా. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మూల్యాంకనం, వైవా ఫలితంతో సహా ఆరు నెలల్లో ముగిసేలా యూనివర్సిటీ చూసుకోవాల. అంటే 20 డిసెంబరు. జనవరి అని అడిగితే వాళ్లకు తలనొప్పి. కాబట్టి గైడుతో మాట్లాడుకొని ఇట్లా రాయి:

“మా తండ్రిగారు పక్షవాతంతో 6 నవంబరు నుండి ఆసుపత్రిలో ఉన్నారు. దగ్గర ఉండి చూసుకోవలసినది నేనే. 18 నవంబరున జరగవలసిన నా వైవాను 5 నుండి 12 డిసెంబరు మధ్య బోర్డుకు అనుకూలమైన రోజుకు మార్చగలరు. ప్రయాణం కుదరకపోతే ఆన్‌లైన్‌లో హాజరు కాగలను.”

ఇంగ్లీషులో రాసినా ఇంతే, అర పేజీ దాటొద్దు. ఆన్‌లైన్ వైవాకు నిబంధనల్లో వీలుంది, అయితే ఆసుపత్రి వరండాలో కూర్చొని చెప్పగలనా అని నువ్వే ఆలోచించుకో. కాదనుకుంటే ఆ వాక్యం తీసెయ్.

డిశ్చార్జి కాగితం ఇంకా రాదు గదా, డ్యూటీ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ రాయించుకో. ఐపీ నంబరు, చేరిన తేదీ, పక్కన మనిషి ఉండాలనే మాట, సంతకం, ముద్ర ఉండాల. పక్కన మనిషి మాట లేకపోతే “రోగి ఆయన, నీకేమైంది?” అంటారు. స్కాన్ రిపోర్టులు పెట్టొద్దు, నాయన జబ్బు వివరాలు ఆఫీసంతా చదవాల్నా? ఆయన మీ నాయనే అని తెలిసేటందుకు పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సు చాలు.

గైడు సిఫార్సు సంతకం పెట్టినాకే పరీక్షల విభాగానికి పోవాల. నువ్వు అనంతపురం రాలేవు కాబట్టి నేను తీసుకుపోతా. రెండు కాపీలు పంపు, ఒకదాని మీద ఇన్‌వర్డ్ ముద్ర, నంబరు వేయించుకొని వస్తా. ముద్ర పడినంత మాత్రాన వాయిదా పడినట్టు కాదురా. సవరించిన నోటీసు వచ్చేదాకా 18 అట్లే ఉందనుకో.

వాయిదా అడిగితే థీసిస్ రిపోర్టులకు ఏమన్నా అవుతుందని భయపడొద్దు, వాటికి దీంతో ఏం సంబంధం లేదు. అవి బాగొచ్చినాకనే గదా వైవా పెట్టింది.

రేపు పొద్దున పదింటికి బస్టాండు కాడికి పోతా, కవరు కండక్టరు చేతికిచ్చి బస్సు నంబరు చెప్పు. నాయనను అడిగినానని చెప్పు.

నీ బావ,
అనంతపురం