హెడ్‌లైట్ల మినుకుకు డ్రైవర్లను తిడితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన కార్లవాళ్లు హైబీమ్‌ వేసుకుని, పైగా లైట్లు ఆర్పి వెలిగిస్తూ ఎదుటివారిని వేధిస్తున్నారని ఒక అధికారి అన్న మాటను గత వారం మీరు ఉన్నదున్నట్టు అచ్చువేశారు. వాహనాల విద్యుత్‌ పని చేసుకునే నాకు అది చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ కార్లలో చాలావాటికి ఉన్నవి మ్యాట్రిక్స్‌ ఎల్‌ఈడీ లైట్లు. వాటిలో హైబీమ్‌ ఒకే దీపం కాదు, చిన్న దీపాల వరుస. 2013 నాటి ఆడి ఏ8లో ఒక్కో వైపు 25 ఉండేవి. ఒక్కో దీపం రోడ్డులో ఒక్కో భాగాన్ని వెలిగిస్తుంది. ముందు అద్దం లోపలి కెమెరా ఎదురుగా వచ్చే తెల్ల లైట్లను, ముందు పోయే ఎర్ర లైట్లను పసిగట్టి, ఆ వాహనం మీద పడే దీపాలను మాత్రమే ఆర్పిస్తుంది. వాహనం దగ్గరయ్యేకొద్దీ ఆ చీకటి భాగమూ దానితోపాటే పక్కకు జరుగుతుంది. రెండు పక్కలా హైబీమ్‌ అలాగే ఉంటుంది. ఇందులో డ్రైవరు చెయ్యి పెట్టేదేమీ లేదు.

మరి మినుకు ఎందుకు? హైదరాబాద్–విజయవాడ రహదారి డివైడరునే చూడండి. కొంత దూరం గన్నేరు గుబురు, తర్వాత ఎండిన మొక్కల ఖాళీ, మళ్లీ గుబురు. గుబురు వెనక్కి వెళ్లగానే ఎదుటి లైట్లు కెమెరాకు కనబడవు, హైబీమ్‌ తిరిగి వెలుగుతుంది. ఖాళీ రాగానే ఆరుతుంది. చెరో 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రెండు వాహనాలు సెకనుకు 44 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. వెంటవెంటనే వెలిగించకుండా కాసేపు ఆగే ఏర్పాటు ఉన్నా, ఇంత తరచుగా కనబడి మాయమైతే అది చాలదు. లారీ డ్రైవరుకు ఇంకా కష్టం. అతని లైట్లు మొక్కల చాటున ఉంటాయి, కళ్లు మాత్రం మొక్కలకు పైన ఉంటాయి.

ఫోను వీడియోలో మాత్రమే మినుకు కనబడితే అది వేరే సంగతి. కాంతిని తగ్గించడానికి ఎల్‌ఈడీని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తారు. నిలకడగా చూసే కంటికి అందనిది కెమెరాకు చిక్కుతుంది. ఖాళీ రోడ్డు మీద నిలిపిన కారు లైటు కంటికే మినుకుమంటే మాత్రం వైరింగులోనో కంట్రోల్‌ యూనిట్‌లోనో లోపం ఉన్నట్టే. దాన్ని బాగుచేయించవలసిందే.

డివైడరు మీద మొక్కలు పెంచేదే ఎదుటి వెలుగు కళ్లలో పడకుండా. టోలు మాత్రం క్రమం తప్పకుండా వసూలు చేస్తారు, చచ్చిన మొక్క చోట కొత్తది నాటించేవారు లేరు. వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టరు ట్రాలీలను ఎవరూ ఆపరు. వెలుగే లేని బండిని ఈ కెమెరా లైట్లను చూసి గుర్తించలేదు. ఆ అధికారి ఒక రాత్రి లారీ క్యాబిన్‌లో కూర్చుని ఈ రోడ్డు మీద ప్రయాణించాలి. మొక్కలు లేని చోట్లన్నీ రాసుకుని, వానాకాలం ముగిసేలోగా వాటిని నాటించాలి.

— ఒక పాఠకుడు, సూర్యాపేట