'బ్లాక్ హెన్నా' పాకెట్లో ఉన్నది గోరింటాకు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢం మొదట్లో మీ జిల్లా పేజీలో గోరింటాకు మీద ఫొటో వార్త వేశారు. బీసెంట్ రోడ్డులో కోన్లు, వన్‌టౌన్‌లో హెన్నా పొడులు జోరుగా అమ్ముడవుతున్నాయని రాశారు. ఫొటోలో ముందు వరుసలోనే 'బ్లాక్ హెన్నా', 'అరగంటలో నలుపు' అని అచ్చేసిన పాకెట్లు కనిపిస్తున్నాయి. వాటి గురించి ఒక్క వాక్యమైనా లేదు. మర్నాడో ఆ మర్నాడో రాస్తారని చూశాను, రాయలేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన నాకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది నారింజ రంగుతో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఇటుక ఎరుపుకో ముదురు గోధుమకో తిరుగుతుంది. తెల్ల వెంట్రుకకు పెడితే ఎర్రబడుతుంది తప్ప నల్లబడదు. నలుపు ఆ ఆకులోనే లేదు. ఆకులతోనే నలుపు కావాలనుకునేవాళ్లు ముందు గోరింటాకు గంటల తరబడి ఉంచి, కడిగి, ఆ తర్వాత నీలి ఆకు పొడి విడిగా పెట్టుకుంటారు. ఒకే పొడిని నీళ్లలో కలిపి పూస్తే అరగంటలో జుట్టు నల్లబడిందంటే ఆ పని చేసింది ఏ ఆకూ కాదు. చాలావరకు అది పారా ఫినిలీన్ డయామీన్, పొట్టిగా పీపీడీ అనే రసాయనం. దాన్ని ఆక్సీకరణం చేసి నలుపుగా మార్చడానికి కొన్ని పొడుల్లో బేరియం పెరాక్సైడ్ కూడా ముందే కలిపి ఉంచుతారు. అందుకే నీళ్లు పోస్తే చాలు, రంగు దిగుతుంది.

మా వదిన ఏళ్ల తరబడి ఇలాంటి పొడే వాడింది. వన్‌టౌన్‌లో ఒక కొట్టులో డబ్బాలోంచి తీసి లూజుగా తూచి ఇచ్చేవారు. 'అమ్మోనియా లేదమ్మా, అంతా మూలికలే' అని చెప్పేవారు. అమ్మోనియా లేకపోవడం నిజమే కావచ్చు, కానీ దానికీ పీపీడీకీ సంబంధం లేదు. మొన్న వేసవిలో రాత్రి తలకు పెట్టుకుని పడుకుంది. మర్నాడు చెవుల వెనక దురద, సాయంత్రానికి నుదురు వాచింది, ఆ మరుసటి ఉదయానికి రెండు కనురెప్పలూ ఉబ్బి కళ్లు తెరవలేకపోయింది. పూసింది తలకైతే వాచింది కళ్లు కదా అని ఇంట్లో వాళ్లు ముందు ఏదో పురుగు కుట్టిందనుకున్నారు. మాడు మీద చర్మం మందం, రెప్పల మీద చాలా పల్చన. ఈ ఎలర్జీ తరచూ రెప్పల దగ్గర, చెవుల దగ్గర, మెడ మీద ముందు బయటపడుతుంది. చర్మ డాక్టరు గారు వాపు తగ్గాక వీపు మీద ప్యాచ్ టెస్టు చేసి పీపీడీ అని తేల్చారు.

'ఇన్నేళ్లు పడింది, ఇప్పుడెందుకు పడలేదు' అని వదిన ఇప్పటికీ అడుగుతుంది. ఈ ఎలర్జీ తీరే అంత. ఎన్నోసార్లు ఏమీ కాదు, ఈలోగా ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ రసాయనాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందా, సాధారణంగా జీవితాంతం మర్చిపోదు. ఆపైన ఏ కంపెనీ హెయిర్ డై వేసినా, అందులో పీపీడీ ఉంటే మళ్లీ అదే వాపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా. దానికి దగ్గరి రసాయనాలు కూడా కొందరికి పడవు. బెంజోకైన్ కలిపిన తిమ్మిరి క్రీములు, ముదురు రంగు బట్టల అద్దకాలు కొన్ని ఆ కోవలోవే. చిన్నపిల్లల చేతులకు నల్ల కోన్ పెట్టించే తల్లులు ఇది తెలుసుకోవాలి. ఆ నలుపూ చాలావరకు పీపీడీదే. దానితో పొక్కులు వస్తే, అవి మానినా ఆ డిజైన్ ఉన్నచోట చర్మం తెల్లగానో నల్లగానో నెలల తరబడి మిగిలిపోవచ్చు. పైగా ఆ పిల్ల పెద్దయ్యాక తలకు రంగు వేసుకోబోతే మొదటిసారికే ముఖం వాచిపోవచ్చు.

వదిన దగ్గర మిగిలిన పొడి తెచ్చి, చేతికి గ్లౌజు వేసుకుని, మా పెరట్లో గోరింటాకు ఎండబెట్టి కొట్టిన పొడితో పక్కపక్కన పెట్టి చూశాను. మా పొడి ఎండుగడ్డి వాసన, పసుపు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చ. వదిన పొడి బూడిద రంగులో ఉంది, ఆకు వాసన దాదాపు లేదు. రెండు తెల్ల గిన్నెల్లో ఒక్కో చెంచా పొడికి గోరువెచ్చని నీళ్లు కలిపి, ఒక్కో చుక్క తెల్ల టిష్యూ కాగితం మీద వేశాను. గోరింటాకు చుక్క చుట్టూ పసుపు గోధుమ వలయం ఏర్పడి మర్నాటికీ అలాగే ఉంది. రెండోది చూస్తుండగానే పైన నల్లటి పొర కట్టింది, అరగంట తిరక్కుండా కాగితం మీద చుక్క బొగ్గులా అయింది. దువ్వెనలోని నాలుగు తెల్ల వెంట్రుకలు అందులో ముంచి కడిగితే అవీ నలుపే. గోరింటాకులో రాత్రంతా నానినవి రాగి రంగుకు వచ్చాయి.

ఈ పరీక్షకు హద్దు ఉంది. నల్లబడితే అనుమానించవచ్చు. నల్లబడలేదని పొడి మంచిదని తేల్చడానికి లేదు. కొద్దిగా కలిపితే కంటికి తెలియదు, ఎరుపు పెంచడానికి సోడియం పిక్రమేట్ కలిపితే ఈ పద్ధతికి అసలే అందదు. అది లేబొరేటరీ తేల్చాల్సిన పని.

ఆ పని చేయించాల్సినవాళ్లు ఏం చేస్తున్నారన్నదే నా బాధ. చట్టం లేక కాదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ఈ పొడులకూ వర్తిస్తుంది. హెయిర్ డై పాకెట్ మీద చర్మానికి పడకపోవచ్చని, ముందుగా కొంచెం పూసి చూసుకోవాలని, కనుబొమలకు, రెప్ప వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చని ఇంగ్లిషులోనూ స్థానిక భాషలోనూ హెచ్చరిక ఉండాలి. లూజుగా తూచే పొడికి ఆ హెచ్చరిక ఎక్కడ అంటిస్తారు? బ్యూటీ పార్లర్లలో పేరులేని డబ్బాలోంచి తీసి కలుపుతుంటే ఎవరు అడుగుతున్నారు? వదిన సంగతి చెప్పుకోవడానికి ఒక ఆఫీసుకు వెళ్తే 'ఇది తినే వస్తువు కాదు కదండీ' అన్నారు. ఇంకో ఆఫీసులో బిల్లు అడిగారు. లూజు పొడికి బిల్లు ఎవరిస్తారు? పండగ వస్తే స్వీటు షాపుల మీద దాడులు చేసి ఫొటోలు దిగుతారు, ఆ పక్క కొట్లో వేలాడే నల్ల పాకెట్ల వంక చూడరు. ఏది అడిగినా మాది కాదనే సమాధానం ఆఫీసుల్లో అలవాటైపోయింది.

అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం, కొన్నవారెవరైనా నిర్ణీత ఫీజు కట్టి తమ పాకెట్‌ను ప్రభుత్వ అనలిస్టుకు పరీక్షకు పంపుకోవచ్చు. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఫీజెంతో ఔషధ నియంత్రణ శాఖ వారి చేత చెప్పించి మీ పత్రికలో వేయండి. అట్లతద్దికి మళ్లీ ఇవే పొడులు, ఇవే కోన్లు బజారు నిండా వస్తాయి. ఈలోగా వన్‌టౌన్ కొట్లలో, పార్లర్లలో శాంపిళ్లు తీసి, వచ్చిన ఫలితాలను పాకెట్ పేర్లతో సహా ప్రకటించాలని ఆ శాఖను కోరుతున్నాను. పాఠకులు కూడా కొనేముందు పాకెట్ వెనక్కి తిప్పి పీపీడీ, పారా ఫినిలీన్ డయామీన్, 1,4-డయామినో బెంజీన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూసుకోండి. ఈ మూడూ ఒకటే. పదార్థాల జాబితాయే లేకపోతే కొనకండి. ఇప్పటికే పూసుకుని దురద మొదలైనవాళ్లు వెంటనే నీళ్లతో బాగా కడిగేసి, మిగిలిన పొడి పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఊపిరి అందకపోయినా, నాలుక, గొంతు వాచినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ